సీపీయూ ఖాళీగా ఉంది, పని మాత్రం కదలడం లేదు: థ్రాషింగ్, వర్కింగ్ సెట్ లెక్క

ప్రశ్న: 8 జీబీ ర్యామ్, 8 కోర్లు, ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ స్వాప్ ఉన్న లినక్స్ సర్వర్‌లో రాత్రిపూట పైథాన్ రిపోర్ట్ జాబులు నడుపుతాం. ఒక్కో జాబ్ కస్టమర్లందరినీ ఒక డిక్షనరీలోకి లోడ్ చేసుకుని, ప్రతి లావాదేవీకీ అందులో వెతుకుతుంది. ఒకేసారి 4 పెడితే 12 నిమిషాల్లో అయిపోతాయి. ఇంకా త్వరగా అవుతుందని 6 పెట్టాను. 3 గంటలు చూసి ఆపేశాను. ఆ టైమ్‌లో సీపీయూ వాడకం 6 శాతమే. top లో ఒక్కో జాబ్‌కి RES 1.15 జీబీ చూపిస్తోంది, అంటే ఆరూ కలిపినా 7 జీబీ దాటలేదు. మెమరీ సరిపోయింది, సీపీయూ ఖాళీగా ఉంది, మరి ఎందుకు ఆగిపోయింది? సీపీయూ ఖాళీ కాబట్టి ఇంకో రెండు వర్కర్లు పెంచమని మా టీమ్ లీడ్ అంటున్నారు.

సమాధానం:

ముందు ఆ రెండు వర్కర్లు పెంచే పని ఆపండి. మీ సర్వర్‌లో సీపీయూ ఖాళీగా ఉన్నది పని లేక కాదు, చేయాల్సిన పనికి కావాల్సిన డేటా డిస్క్ నుంచి రావడం కోసం అది ఎదురుచూస్తోంది. ఇంకో రెండు జాబులు వచ్చి చేరితే పరిస్థితి ఇంకా దిగజారుతుంది.

ఇక్కడ మిమ్మల్ని తప్పుదోవ పట్టించింది RES అంకె. కెర్నల్ మెమరీని 4 కేబీ ముక్కలుగా పంచుతుంది, వాటినే పేజీలు అంటారు. RES అంటే ఆ జాబ్ పేజీల్లో ఈ క్షణాన ర్యామ్‌లో ఉన్నవి మాత్రమే. ఆ జాబ్‌కి ఎంత కావాలి అన్నది RES చెప్పదు, ఎంత దక్కింది అన్నది చెబుతుంది. మీ సర్వర్‌లో కెర్నల్, మిగతా సర్వీసులు పోను జాబులకు మిగిలేది సుమారు 7 జీబీ. ఆరు జాబుల RES కలిపితే ఆ 7 జీబీని పెద్దగా దాటడం సాధ్యం కాదు, ఎందుకంటే ర్యామ్ అంతే ఉంది. 7 ని 6 తో భాగిస్తే 1.15 దగ్గరే వస్తుంది. అంటే మీరు కొలిచింది జాబ్ అవసరాన్ని కాదు, ఉన్నదాన్ని ఆరుగురు పంచుకుంటే వచ్చిన వాటాని. నిండిన బిందెలో నీళ్లు కొలిచి, ఈ ఇంటి వాడకం ఇంతే అన్నట్టు ఉంటుంది అది.

మరి అవసరం ఎంత? మీరు వివరించిన తరహా జాబ్‌ని ఖాళీ మెషీన్ మీద ఒంటరిగా నడిపి చూస్తే సాధారణంగా ఎలాంటి అంకెలు వస్తాయో అవి పెట్టుకుని చెబుతాను. మీ అసలు అంకెలు ఎలా తీయాలో కింద రాశాను, అవి వచ్చాక వీటి స్థానంలో వేసుకోండి. ఒక జాబ్ మొత్తం 2.1 జీబీ తీసుకుంటుందనుకుందాం. అందులో 0.5 జీబీ ఫైల్ చదివేటప్పుడు వాడిన బఫర్లు, ఒకసారి వాడాక మళ్లీ ముట్టుకోనివి. మిగతా 1.6 జీబీ కస్టమర్ల డిక్షనరీ. ప్రతి లావాదేవీకీ అందులో వెతుకుతుంది కాబట్టి జాబ్ నడిచినంతసేపూ దాన్ని అక్కడా ఇక్కడా తాకుతూనే ఉంటుంది.

ఈ 1.6 జీబీనే వర్కింగ్ సెట్ అంటారు. దీనికి కచ్చితమైన నిర్వచనం ఉంది. ఇప్పటి నుంచి వెనక్కి ఒక నిర్ణీత వ్యవధి తీసుకోండి, దాన్ని టౌ అనే గ్రీకు అక్షరంతో గుర్తిస్తారు. ఆ వ్యవధిలో ప్రోగ్రామ్ తాకిన పేజీలన్నీ కలిపితే అది ఆ క్షణానికి దాని వర్కింగ్ సెట్. చిన్న ఉదాహరణ చూడండి. ఒక ప్రోగ్రామ్ వరుసగా ఈ పేజీలను తాకిందనుకోండి:

```
1 2 1 3 2   7 7 8 7 8
```

టౌ అంటే చివరి 5 తాకిళ్లు అనుకుంటే, మొదటి ఐదు పూర్తయ్యేసరికి వర్కింగ్ సెట్ 1, 2, 3, అంటే మూడు పేజీలు. పదో తాకిడి దగ్గర అది 7, 8, అంటే రెండే పేజీలు. ప్రోగ్రామ్ మొత్తం ఐదు పేజీలు వాడింది, కానీ ఏ దశలోనూ దానికి ఒకేసారి ఐదూ అక్కర్లేదు. చాలా ప్రోగ్రాములు ఇలాగే ఒక దశలో ఒక గుంపును పట్టుకుని కాసేపు దాని చుట్టూనే తిరిగి, తర్వాత ఇంకో గుంపుకి మారతాయి. వర్చువల్ మెమరీ అనే ఏర్పాటు పనిచేసేదే ఈ అలవాటు మీద ఆధారపడి. ఉన్న ర్యామ్ కంటే ఎక్కువ మెమరీ ఇస్తానని కెర్నల్ అన్ని ప్రోగ్రాములకూ మాట ఇవ్వగలుగుతోందంటే, అందరూ అంతా ఒకేసారి అడగరనే నమ్మకంతోనే.

మీ 4 జాబుల రాత్రిని ఈ కంటితో చూడండి. నాలుగు జాబులు తీసుకున్నది 8.4 జీబీ. ఉన్నది 7. అంటే అప్పుడు కూడా మెమరీ మించిపోయింది! 1.4 జీబీ స్వాప్‌లోకి, అంటే ర్యామ్‌లో పట్టని పేజీల కోసం డిస్క్ మీద ఉంచిన చోటుకి వెళ్లిపోయింది. అయినా 12 నిమిషాల్లో పని అయిపోయింది, ఎందుకంటే బయటికి వెళ్లినవి ఎవరూ తిరిగి అడగని పాత బఫర్లు. నాలుగు వర్కింగ్ సెట్లు కలిపితే 6.4 జీబీ, అవి 7 లో సుఖంగా ఇమిడాయి. ఆరు జాబులకైతే వర్కింగ్ సెట్లే 9.6 జీబీ. ఇప్పుడు ఏ పేజీని బయటికి పంపినా, దాన్ని ఎవరో ఒకరు కాసేపట్లో మళ్లీ అడుగుతారు. స్వాప్ వాడుతోందా లేదా అని చూడటం కంటే, బయటికి వెళ్లినది తిరిగి వస్తోందా అని చూడటం ముఖ్యం అని నేను పదే పదే చెప్పేది ఇందుకే.

ఇప్పుడు మీకు సహజంగా వచ్చే అనుమానం ఒకటుంది. కావాల్సింది 9.6, ఉన్నది 7. పావు వంతుకి పైగా తక్కువైంది, నిజమే. అలాంటప్పుడు పని పావు వంతో, పోనీ సగమో నెమ్మదించాలి గానీ పూర్తిగా నిలిచిపోవడం ఏమిటి? దీనికి మూడు సంగతులు కలిశాయి.

మొదటిది వేగాల్లో తేడా. ర్యామ్‌లో ఒక చోటుకి వెళ్లి రావడానికి సుమారు 100 నానోసెకన్లు. అదే పేజీ లేకపోతే పేజీ ఫాల్ట్ వస్తుంది, కెర్నల్ డిస్క్‌కి వెళ్లి 4 కేబీ తెచ్చి పెట్టాలి. మామూలు ఎస్‌ఎస్‌డీ మీద దీనికి ఉజ్జాయింపుగా 100 మైక్రోసెకన్లు, అంటే వెయ్యి రెట్లు. పాత తిరిగే హార్డ్ డిస్క్ అయితే 10 మిల్లీసెకన్లు, అంటే లక్ష రెట్లు. పైథాన్‌లో ఒక డిక్షనరీ వెతుకులాట మొత్తం కలిపి 1 మైక్రోసెకను పడుతుందనుకుందాం. వంద వెతుకులాటల్లో మూడంటే మూడు సార్లు లేని పేజీ తగిలినా, 100 మైక్రోసెకన్లలో అవ్వాల్సిన పనికి ఇంకో 300 కలుస్తాయి. నూటికి 97 సార్లు అంతా సవ్యంగా ఉన్నా పని నాలుగు రెట్లు నెమ్మదించింది.

కానీ ఆ నాలుగు రెట్లు అన్నది డిస్క్ మీ ఒక్క జాబ్ కోసమే ఖాళీగా కూర్చున్నప్పటి మాట. రెండో సంగతి అదే, డిస్క్ దగ్గర క్యూ. మీ డిస్క్ సెకనుకి ఇలాంటి చిన్న పనులు 10,000 చేయగలదు అనుకోండి. ర్యామ్ నిండిపోయి ఉంది కాబట్టి ఒక పేజీని లోపలికి తేవాలంటే ముందు ఇంకోదాన్ని బయటికి రాయాలి. అంటే సగం పని రాతకే పోతుంది, చదవడానికి మిగిలేది 5,000. అది ఆరుగురికి పంచితే ఒక్కో జాబ్‌కి సెకనుకి 830 ఫాల్టులు తీరతాయి. నూటికి మూడు చొప్పున ఫాల్ట్ వస్తుంటే, 830 ఫాల్టులతో జరిగే వెతుకులాటలు సుమారు 28,000. ఒంటరిగా ఉన్నప్పుడు అదే జాబ్ సెకనుకి 10 లక్షలు చేసేది. ముప్ఫై ఆరు రెట్లు తక్కువ. మీ 12 నిమిషాల జాబ్ ఈ లెక్కన 7 గంటలు దాటుతుంది. మీరు 3 గంటలకే ఆపారు, ఇంకో మూడు గంటలు కూర్చున్నా అయ్యేది కాదు.

ఇక్కడ పైథాన్ వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. "మా జాబ్ డిక్షనరీని చదువుతుందే గానీ మార్చదు, మరి పేజీలను బయటికి రాయడం ఎందుకు, ఊరికే పారేయవచ్చు కదా" అని అడుగుతుంటారు. పైథాన్‌లో ఒక వస్తువును చేతికి తీసుకుంటేనే దాని రిఫరెన్స్ లెక్క ఒకటి పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. ఆ లెక్క ఉండేది ఆ వస్తువు పక్కనే, అదే పేజీలో. కాబట్టి మీ దృష్టిలో అది కేవలం చదవడం, కెర్నల్ దృష్టిలో ఆ పేజీ మారిపోయింది. దాన్ని మళ్లీ స్వాప్‌లోకి రాయక తప్పదు.

మూడో సంగతి ఏ పేజీని తీసేయాలన్న ఎంపికకి సంబంధించింది. అందరికీ తెలిసిన పద్ధతి, ఎక్కువసేపటి నుంచి వాడని పేజీని తీసేయడం. లినక్స్ చేసేది కచ్చితంగా ఇదే కాదు, దీనికి దగ్గరగా ఉండే పద్ధతి. మామూలు రోజుల్లో ఇది చాలా మంచి ఎంపిక. కానీ ఒక ప్రోగ్రామ్ 5 పేజీల మీద 1, 2, 3, 4, 5, మళ్లీ 1 అంటూ చుట్టూ తిరుగుతోందనుకోండి, చోటు మాత్రం 4 పేజీలకే ఉందనుకోండి. 5 కావాల్సి వచ్చినప్పుడు అందరికంటే పాతది 1, దాన్ని తీసేస్తాం. వెంటనే కావాల్సింది 1. దానికోసం ఇప్పుడు అందరికంటే పాతదైన 2 ని తీసేస్తాం. వెంటనే కావాల్సింది 2. ఇలా ప్రతి అడుగులోనూ, సరిగ్గా తర్వాత కావాల్సిన పేజీనే బయటికి నెడుతూ పోతాం. ఒక్క పేజీ తక్కువైనందుకు ఒక్క ఫాల్ట్ రాలేదు, ప్రతి తాకిడీ ఫాల్ట్ అయింది. చోటు 5 ఉంటే మొదటి చుట్టు తర్వాత ఒక్క ఫాల్ట్ కూడా లేదు. కాగితం మీద పెన్సిల్‌తో ఒకసారి వేసి చూడండి, రెండు నిమిషాల పని. వాలు మీద జారినట్టు కాకుండా గట్టు అంచు నుంచి పడ్డట్టు ఎందుకు పడుతుందో కళ్ల ముందు కనిపిస్తుంది.

ఆరు జాబులు కలిసి నడుస్తున్నప్పుడు ఇదే వాటి మధ్య జరుగుతుంది. మొదటి జాబ్‌కి పేజీ కావాలి, కెర్నల్ రెండో జాబ్ పేజీ తీసి ఇస్తుంది. రెండోది డిస్క్ కోసం ఎదురుచూస్తూ నిద్రపోతోంది కాబట్టి దాని పేజీలను ఎవరూ తాకడం లేదు, అందుకే అవి పాతబడినట్టు కనిపిస్తాయి. అది నిద్ర లేచేసరికి దాని పేజీలు ఇంకొన్ని పోయి ఉంటాయి. అది మూడోదాని పేజీలు లాగుతుంది. ఎవరు ఎదురుచూస్తే వాళ్లే ఎక్కువ పోగొట్టుకుంటారు, పోగొట్టుకున్నందుకు ఇంకా ఎక్కువ ఎదురుచూస్తారు. దీన్నే థ్రాషింగ్ అంటారు. మెషీన్ ఆగిపోలేదు, డిస్క్ విరామం లేకుండా పనిచేస్తోంది, కెర్నల్ పనిచేస్తోంది, కానీ ఆ శ్రమంతా పేజీలను అటూ ఇటూ మోయడానికే సరిపోతోంది.

మీ టీమ్ లీడ్ చెప్పిన మాటకి చాలా పెద్ద చరిత్రే ఉంది. 1960లలో ఒకే కంప్యూటర్ మీద అనేక ప్రోగ్రాములను కలిపి నడపడం మొదలైనప్పుడు, సీపీయూ ఖాళీగా కనిపిస్తే ఇంకో ప్రోగ్రామ్‌ని లోపలికి తీసుకోవడం అప్పటి ఆలోచన. పేజీల కోసం ఎదురుచూపు వల్ల సీపీయూ ఖాళీ అయినా సరే ఆ లెక్క అదే చెబుతుంది. కొత్త ప్రోగ్రామ్ వచ్చి ఇంకొన్ని పేజీలు లాక్కుంటుంది, సీపీయూ ఇంకా ఖాళీ అవుతుంది, ఇంకోదాన్ని రమ్మంటుంది. 1968లో పీటర్ డెనింగ్ ఈ కూలిపోవడానికి కారణం ఏమిటో, ఎలా ఆపాలో రాశారు. వర్కింగ్ సెట్ అన్న ఆలోచన ఆయనదే, ఎమ్‌ఐటీలో ఉన్నప్పటిది. ఆయన చెప్పిన నియమం చిన్నది: ఒక ప్రోగ్రామ్ వర్కింగ్ సెట్ మొత్తానికి చోటు ఉంటేనే దాన్ని నడవనివ్వాలి. లేకపోతే దాన్ని అరకొరగా నడపకుండా పూర్తిగా పక్కన పెట్టి, దాని పేజీలన్నీ మిగతా వాళ్లకి ఇచ్చేయాలి. మీ విషయంలో దీనర్థం, 7 ని 1.6 తో భాగిస్తే 4 చిల్లర వస్తుంది కాబట్టి నాలుగు నడవాలి, రెండు ఆగాలి. నాలుగు 12 నిమిషాల్లో, మిగతా రెండు ఇంకో 12 నిమిషాల్లో. మొత్తం 24 నిమిషాలు.

చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక చోట జీతాల లెక్కల రాత్రి ఇలాగే జరిగింది. ఆలస్యమవుతోందని కంగారుపడి మిగిలిన జాబులన్నీ ఒకేసారి మొదలుపెట్టారు. లాగిన్ అవుదామంటే పాస్‌వర్డ్ అడగడానికే నాలుగైదు నిమిషాలు పట్టింది, ఎందుకంటే లాగిన్ ప్రోగ్రామ్ పేజీలు కూడా బయటికి పోయాయి. అందరిలో టెన్షన్. సీపీయూ గ్రాఫ్ చూసి సర్వర్ ఖాళీగా ఉందనుకుని ఒకరు ఇంకో జాబ్ కూడా కలిపారు. చివరికి అన్నీ ఆపి ఒక్కొక్కటిగా నడిపితే తెల్లవారేలోపు అయిపోయాయి. అప్పటి నుంచి సీపీయూ తక్కువ, మెషీన్ నెమ్మది అని ఎవరన్నా అంటే నేను మొదట అడిగేది vmstat.

మీరూ అదే చూడండి. జాబులు నడుస్తున్నప్పుడు `vmstat 1` ఇస్తే సెకనుకో వరుస వస్తుంది. మొదటి వరుసని వదిలేయండి, అది బూట్ అయినప్పటి నుంచి సగటు. పైన వేసిన లెక్క నిజమైతే మీకు ఇలాంటి వరుసలు కనిపించాలి (కొన్ని నిలువు వరుసలు తీసేశాను):

```
 r  b    swpd    free    si    so  us sy id wa
 0  6 5868200   91400 20140 19870   2  4 29 65
```

`si` అంటే సెకనుకి స్వాప్ నుంచి లోపలికి వచ్చిన కిలోబైట్లు, `so` అంటే బయటికి వెళ్లినవి. 20,000 కేబీని 4 తో భాగిస్తే సెకనుకి 5,000 పేజీలు, మన లెక్కలో వచ్చిన అంకె. `b` దగ్గర 6 ఉంది, అంటే ఆరు జాబులూ డిస్క్ కోసం నిలబడి ఉన్నాయి. `r` దగ్గర సున్నా, సీపీయూ కోసం ఎవరూ లేరు. `wa`, అంటే డిస్క్ కోసం ఎదురుచూస్తూ సీపీయూ ఖాళీగా ఉన్న శాతం, 65. ఈ నాలుగూ కలిసి కనిపిస్తే అది థ్రాషింగే. స్వాప్‌లో ఉన్న మొత్తాన్ని చూపే `swpd` ఎంత పెద్దగా ఉన్నా దాన్ని ఒంటరిగా చూసి భయపడకండి. మీ 4 జాబుల రాత్రి అది 14 లక్షల కేబీ పైన ఉండి ఉంటుంది, కానీ మొదట్లో కాసేపు `so` కనిపించి తర్వాత `si`, `so` రెండూ సున్నా దగ్గర ఉండి ఉంటాయి. రెండూ ఆగకుండా నడవడమే జబ్బు గుర్తు.

కెర్నల్ 4.20 నుంచి ఇంకో మంచి గుర్తు ఉంది. `/proc/pressure/memory` ఫైల్ తెరిస్తే `some`, `full` అని రెండు వరుసలు ఉంటాయి. `full` పక్కన ఉండే `avg10` అంకె, గత 10 సెకన్లలో ఎంత శాతం సమయం పని ఉన్న ప్రోగ్రాములన్నీ ఒకేసారి మెమరీ కోసమే ఆగిపోయాయో చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్న సర్వర్‌లో అది సున్నా. అలర్ట్ పెట్టుకోవాలంటే సీపీయూ మీద కాకుండా దీనిమీద పెట్టుకోండి.

ఇక మీ జాబ్ అసలు వర్కింగ్ సెట్ కొలవడం. దీన్ని ఒక్క జాబ్ మాత్రమే నడుస్తున్న, మెమరీ పుష్కలంగా ఉన్న టెస్ట్ మెషీన్ మీద చేయండి. థ్రాషింగ్ జరుగుతున్నప్పుడు కొలిస్తే జాబ్ ముక్కుతూ మూలుగుతూ నడుస్తుంది కాబట్టి ఆ వ్యవధిలో తక్కువ పేజీలే తాకుతుంది, వర్కింగ్ సెట్ చిన్నదిగా కనిపిస్తుంది. RES మిమ్మల్ని మోసం చేసినట్టే అదీ చేస్తుంది. జాబ్ లోడింగ్ దశ దాటాక, దాని పీఐడీ 4127 అనుకుంటే, రూట్‌గా:

```
echo 1 > /proc/4127/clear_refs
sleep 30
grep -E '^(Rss|Referenced)' /proc/4127/smaps_rollup
```

మొదటి లైన్ ఆ జాబ్ పేజీల మీద ఉన్న "తాకారు" అనే గుర్తులన్నీ చెరిపేస్తుంది. 30 సెకన్ల తర్వాత `Referenced` దగ్గర కనిపించేది ఆ 30 సెకన్లలో నిజంగా తాకిన మెమరీ. ఇక్కడ 30 సెకన్లే టౌ. ఈ గుర్తులను చూసుకునే కెర్నల్ ఏ పేజీ తీసేయాలో నిర్ణయిస్తుంది కాబట్టి, వాటిని చెరపడం అనేది రద్దీగా ఉన్న ప్రొడక్షన్ సర్వర్ మీద చేయవద్దు.

టౌ ఎంత పెట్టాలి అన్నది ఈ మోడల్‌లో నిజంగా చిక్కు ప్రశ్న. మరీ చిన్నదైతే, కాసేపట్లో కావాల్సిన పేజీలు లెక్కలోకి రావు. మరీ పెద్దదైతే, ఎప్పుడో పూర్తయిన దశ పేజీలు కూడా కలిసిపోతాయి. నేను చేసే పద్ధతి ఇది: 1, 10, 30, 60 సెకన్లకి విడివిడిగా కొలుస్తాను. 1 సెకనుకి 0.9 జీబీ, 10 కి 1.5, 30 కి 1.6, 60 కి కూడా 1.6 వచ్చిందనుకోండి, అంకె పెరగడం ఆగిపోయిన చోటు మనకి కావాల్సింది. ఎంతకీ ఆగకుండా పెరుగుతూనే ఉంటే, ఆ జాబ్ పెద్ద ఫైల్‌ని ఒక చివర నుంచి ఇంకో చివరకి చదువుకుంటూ పోయే రకం. దాన్ని ఈ కొలతతో లెక్కకట్టకూడదు, వాడిన పేజీలు మళ్లీ వాడదు కాబట్టి దాని అసలు అవసరం చాలా తక్కువ. దశలు మారే జాబ్ అయితే ప్రతి దశలోనూ కొలిచి పెద్ద అంకె తీసుకోండి.

అంకె తెలిశాక పరిష్కారం సులువు. ఒకేసారి నడిచే వాటి సంఖ్యని సీపీయూ కోర్లని బట్టి కాకుండా వర్కింగ్ సెట్‌ని బట్టి పెట్టాలి:

```
ls jobs/*.cfg | xargs -n 1 -P 4 ./report.py
```

ఒకటి అయిపోగానే తర్వాతది మొదలవుతుంది, ఎప్పుడూ నాలుగుకి మించవు. డెనింగ్ చెప్పిన "చోటు ఉంటేనే రానివ్వడం" ఇంత మాత్రమే. మీ 7 జీబీలో 6.4 వాడుతున్నారు కాబట్టి పెద్దగా మిగులు లేదు, డేటా కొంచెం పెరిగితే 3 కి దిగాల్సి వస్తుంది. ఆ రోజు మళ్లీ కొలవండి.

నాలుగు కంటే ఎక్కువ నడవాలంటే ర్యామ్ కొనాలి, లేదా వర్కింగ్ సెట్‌ని తగ్గించాలి. రెండోది నాకు ఎక్కువ ఇష్టం, ఎందుకంటే అది జాబ్‌ని అన్ని మెషీన్ల మీదా బాగు చేస్తుంది. మీ డిక్షనరీలో కస్టమర్లందరూ ఒకేసారి ఉన్నారు. లావాదేవీలు ఏ వరుసలో వస్తే ఆ వరుసలో వెతుకుతున్నారు కాబట్టి ఏ క్షణంలోనైనా ఏ పేజీ అయినా తగలవచ్చు. అదే లావాదేవీలను ముందుగా జిల్లాల వారీగా విడదీసి, ఒక జిల్లా కస్టమర్లను మాత్రమే లోడ్ చేసి, ఆ జిల్లా లావాదేవీలన్నీ పూర్తి చేసి, ఆ డిక్షనరీని వదిలేసి తర్వాతి జిల్లాకి వెళ్తే ఒక్క విడతకి కావాల్సిన మెమరీ ఎన్నో రెట్లు తగ్గుతుంది. అతి పెద్ద జిల్లాలో పదో వంతు కస్టమర్లు ఉంటే వర్కింగ్ సెట్ 160 ఎంబీ చుట్టుపక్కలకి వస్తుంది. విడదీయడానికి అదనంగా పట్టే నిమిషం రెండు నిమిషాలు దీని ముందు లెక్కలోకి రావు. అప్పుడు 8 కోర్లకీ 8 జాబులు పెట్టుకోవచ్చు, మీ టీమ్ లీడ్ కోరుకున్నదీ జరుగుతుంది.

మీకు ఎవరో ఒకరు "స్వాప్ తీసేయండి, గొడవ ఉండదు" అని కూడా చెబుతారు. తీసేస్తే ఏం జరుగుతుందో తెలిసే చేయండి. స్వాప్ లేకపోతే డిక్షనరీ పేజీలను కెర్నల్ బయటికి పంపలేదు, పెట్టే చోటు లేదు. అప్పుడు దానికి మిగిలేవి ఫైళ్ల నుంచి వచ్చిన పేజీలు. వాటిలో పైథాన్ ఇంటర్‌ప్రెటర్ కోడ్, లైబ్రరీలు, మీ షెల్, ఎస్‌ఎస్‌హెచ్ అన్నీ ఉన్నాయి. వాటిని పారేసి, తర్వాతి క్షణం నడపడానికి కావాల్సి వస్తే మళ్లీ డిస్క్ నుంచి చదువుతుంది. ఇదీ థ్రాషింగే, కాకపోతే `si`, `so` సున్నా చూపిస్తాయి, డిస్క్ నుంచి చదివిన లెక్క చూపే `bi` మాత్రం ఆకాశంలో ఉంటుంది, `/proc/vmstat` లో `workingset_refault_file` వేగంగా పెరుగుతుంది. ప్రతిసారీ కొన్ని పేజీలు దొరుకుతూనే ఉన్నాయి కాబట్టి కెర్నల్ ఇంకా పని జరుగుతోందనుకుంటుంది, మెమరీ అయిపోయిందని చాలాసేపటి వరకు ఏ జాబ్‌నీ చంపదు. మౌస్ కూడా కదలకుండా డెస్క్‌టాప్ అరగంట బిగుసుకుపోయే సందర్భాల్లో చాలా వాటి వెనుక కథ ఇదే. కొంచెం స్వాప్ ఉండటమే మేలు, మీ 4 జాబుల రాత్రి ఆ వాడని బఫర్లు వెళ్లడానికి చోటు దొరికింది దాని వల్లే.

ఏదో ఒక రాత్రి డేటా అనుకోకుండా పెరిగి ఒక జాబ్ ఉబ్బిపోతే మిగతా వాటిని కాపాడాలంటే, దానికి హద్దు గీయండి:

```
systemd-run --scope -p MemoryMax=2000M -p MemorySwapMax=500M ./report.py
```

హద్దు దాటిన జాబ్ ఒక్కటే చస్తుంది, మిగతావి నడుస్తాయి. `MemoryMax` బదులు `MemoryHigh` పెడితే చంపకుండా బ్రేకు వేస్తుంది. కానీ ఆ హద్దు వర్కింగ్ సెట్ కంటే తక్కువగా పెడితే, ఉదాహరణకి 1.6 కావాల్సిన జాబ్‌కి 1.2 పెడితే, సర్వర్‌లో బోలెడు ర్యామ్ ఖాళీగా ఉన్నా ఆ జాబ్ తనలో తనే థ్రాష్ అవుతూ కూర్చుంటుంది. కంటైనర్లలో మెమరీ లిమిట్ మరీ బిగించినప్పుడు కూడా ఈ ఇబ్బంది వస్తుంది, హోస్ట్ గ్రాఫుల్లో ఏమీ కనిపించదు. ఇలా హద్దు గీసిన గుంపుని లినక్స్ సీగ్రూప్ అంటుంది, దాని సొంత `memory.pressure` ఫైల్ చూస్తేనే బయటపడుతుంది.

మీ కెర్నల్ 6.1 గానీ ఆ పైది గానీ అయి, ఏ పేజీ తీసేయాలో ఎంచుకునే కొత్త పద్ధతి మల్టీ-జెన్ ఎల్ఆర్‌యూ ఆన్ అయి ఉంటే ఇంకొక వెసులుబాటు ఉంది:

```
echo 1000 > /sys/kernel/mm/lru_gen/min_ttl_ms
```

గత 1000 మిల్లీసెకన్లలో తాకిన పేజీలను బయటికి పంపవద్దు, అలా కుదరకపోతే ఒక జాబ్‌ని చంపేయి అని దీనర్థం. ఆ 1000 ఏమిటో మీకు ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది, అది టౌ. 1968 నాటి అక్షరం ఇవాళ మీ సర్వర్‌లో ఒక ఫైల్‌గా కూర్చుని ఉంది. అయితే దీన్ని చివరి కాపలాగానే పెట్టుకోండి, ఎందుకంటే ఏ జాబ్ చావాలో ఎంచుకునేది కెర్నల్, మీరు కాదు.

ఈ రాత్రికి `-P 4` పెట్టి, పక్కన `vmstat 5` నడపండి. లోడింగ్ దశ దాటాక కూడా `si` వందల్లో కనిపిస్తుంటే మీ జాబ్ వర్కింగ్ సెట్ నేను అనుకున్న 1.6 కంటే పెద్దదన్నమాట. అప్పుడు 3 కి దించి, 30 సెకన్లకి, 60 సెకన్లకి వచ్చిన `Referenced` అంకెలు రెండూ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.